ఆ పోస్టు వాళ్ళమ్మ కూడా చదువుతుంది

పెద్దవయసులో ఎవరైనా పోతే ఆ కబురు ఎవరు ఎవరికి చెప్పాలో మన ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొడుకులో, అల్లుళ్ళో బంధువులకు ఫోన్లు చేస్తారు. ఊళ్ళో వాళ్ళకు ఇంటి ముందు టెంటు చూస్తేనే తెలుస్తుంది. పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటన వేయించినా అది కుటుంబం తరఫునే వస్తుంది. పాతికేళ్ళ మనిషి పోయినప్పుడు మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. ఆ సమయానికి అతని దగ్గర ఉండేది అమ్మానాన్నలు కాదు, రూమ్మేటూ ఆఫీసు స్నేహితులూ. ఆసుపత్రికి పరిగెత్తేది వాళ్ళే, డాక్టరు నోటి నుంచి ఆ మాట మొదట వినేదీ వాళ్ళే. వాళ్ళందరి చేతుల్లోనూ ఫోన్లుంటాయి.

కాబట్టి మిత్రుడి మీద నాలుగు మాటలు రాయడమంటే నివాళి రాయడం ఒక్కటే కాదు. చాలాసార్లు అది మరణవార్తను లోకానికి మొదటిసారి చెప్పడం కూడా. రాసేవాళ్ళు దుఃఖంలో ఈ రెండో సంగతి గమనించరు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పేర్లు, మనుషులు కల్పితం, జరిగే తీరు మాత్రం నిజం. శ్రీను వయసు 26. సొంతూరు నరసరావుపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం, మాదాపూర్‌లో నలుగురితో కలిసి ఒక ఫ్లాటు. ఒక రాత్రి పదకొండున్నరకు బైకు ప్రమాదం జరిగింది. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. రూమ్మేట్లు ఊళ్ళో ఉన్న బాబాయికి ఫోన్ చేసి నిజం చెప్పారు. బాబాయి మాత్రం అన్నావదినలతో, "పిల్లాడికి దెబ్బలు తగిలాయంట, ఐసీయూలో ఉన్నాడు, బయల్దేరండి" అన్నాడు. తల్లికి బీపీ ఉంది. అయిదారు గంటలు కారులో కూర్చోవాలి. ఆ మాట దారి మధ్యలో చెప్పేది కాదని ఆయన అనుకున్నాడు. మన ఇళ్ళలో ఎక్కువమంది చేసేది ఇదే. విజయవాడ హాస్టల్లో నర్సింగ్ చదువుతున్న చెల్లెలికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

రాత్రి ఒంటిగంటకు ఆఫీసు స్నేహితుడొకడు నల్లటి బొమ్మ మీద శ్రీను ఫొటో పెట్టి, విరిగిన గుండె గుర్తుతో వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఇంకొకడు ఇన్‌స్టా స్టోరీలో శ్రీనును ట్యాగ్ చేశాడు. శ్రీనును ఫాలో అయ్యేవాళ్ళలో చెల్లెలు స్నేహితురాళ్ళు కూడా ఉన్నారు. హాస్టల్లో ఆ పిల్లను నిద్ర లేపి, ఫోన్ చేతిలో పెట్టి, "ఇది మీ అన్నయ్యేనా?" అని అడిగారు. ఆ పిల్ల వెంటనే అమ్మకు ఫోన్ చేసింది. కారు అప్పటికి ఇంకా సగం దారిలో ఉంది.

స్టేటస్ పెట్టిన కుర్రాడు చెడ్డవాడు కాదు. శ్రీను అంటే ప్రాణం పెట్టేవాడు. అతనికి తెలియంది ఒక్కటే, ఇంటికి కబురు చేరడానికి పట్టే గంటలు స్టేటస్ చేరడానికి పట్టవని. స్టేటస్, స్టోరీ 24 గంటల్లో పోతాయి కదా, పోస్టంత పెద్ద విషయం కాదని చాలామంది అనుకుంటారు. కానీ ఇంట్లో వాళ్ళకు తెలియని ఆ మొదటి రాత్రి గడవడానికి 24 గంటలు ఎక్కువే. డీపీ నల్లగా మార్చడం కూడా ఒక ప్రకటనే. ఒకే స్నేహబృందంలో అయిదుగురి డీపీలు ఒక్కసారిగా నల్లబడితే, ఆరోవాడు ఏం జరిగిందో ఊహించి గ్రూపుల్లో అడగడం మొదలుపెడతాడు.

అందుకని మొదటి పని రాయడం కాదు, అడగడం. అమ్మానాన్నలను అడగకూడదు. ఆ సమయంలో వాళ్ళ దగ్గరికి ఫేస్‌బుక్ ప్రస్తావన తీసుకెళ్ళడమే తప్పు. ప్రతి కుటుంబంలోనూ అలాంటప్పుడు పనులు భుజాన వేసుకునే మనిషి ఒకరుంటారు. బాబాయో, మేనమామో, బావో, పెద్దనాన్న కొడుకో. మిత్రుల్లో ఒక్కరు, ఆ ఒక్కరితో మాట్లాడాలి. పదిమంది పది ఫోన్లు చేయకూడదు. ఫోన్ ఎత్తే తీరిక లేకపోతే మెసేజ్ చాలు. "బాబాయ్, నేను శ్రీను రూమ్మేటుని. ఇంట్లో అందరికీ చెప్పారా? చెల్లికి తెలుసా? మీరు సరేనన్నాకే మేము ఫేస్‌బుక్‌లో పెడతాం. ఏం జరిగిందనేది మేం రాయం. అంత్యక్రియల సంగతి రాయమంటే మీరు చెప్పినట్టే రాస్తాం." ఇందులో ఆయన ఆలోచించి రాయాల్సిందేమీ లేదు. "సరే" అనో "ఆగండి" అనో అంటే చాలు. జవాబు రాకపోతే దాన్ని "ఆగండి" అనే తీసుకోవాలి. ఆగడం వల్ల ఎవరికీ నష్టం లేదు. దినకర్మ రోజున పెట్టినా అది నివాళే.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లల విషయంలో ఇది ఇంకా కష్టం. అక్కడ పగలు జరిగింది ఇక్కడ అర్ధరాత్రి అవుతుంది. తల్లిదండ్రులు పొద్దున లేచి ఫోన్ తీసేసరికి పరామర్శ మెసేజ్‌లు వచ్చి ఉంటాయి. పైగా భౌతికకాయాన్ని ఊరికి పంపడానికి ఖర్చవుతుంది కాబట్టి స్నేహితులు గోఫండ్‌మీ లాంటి చోట విరాళాల పేజీ తెరుస్తారు. అది అవసరమైన పనే. కానీ అందులో జాలి కలిగించడం కోసం తండ్రి పొలం తాకట్టు, చదువుకు చేసిన అప్పు, పెళ్ళికావలసిన అక్క, ఇవన్నీ రాసేస్తారు. ఆ తండ్రి మళ్ళీ అదే ఊళ్ళో బతకాలి. చనిపోయిన విద్యార్థి ఎవరు, ఖర్చు దేనికి, డబ్బు ఎవరి చేతికి వెళుతుంది, ఈ మూడూ చెబితే ఇచ్చేవాళ్ళు ఇస్తారు. డబ్బు అడిగే లింకు ఒక్కటే ఉండాలి, అది కుటుంబానికి తెలిసి ఉండాలి. ఎందుకంటే నివాళి పోస్టులోని ఫొటో ఎత్తుకుని, సొంత క్యూఆర్ కోడ్ తగిలించి డబ్బు దండుకునే మోసగాళ్ళున్నారు.

ఇక రాయడం సంగతి. దుఃఖం పొంగుకొస్తున్నప్పుడు రాసింది సాధారణంగా ఇలా ఉంటుంది:

"మిస్ యూ మామా... ఇంత తొందరగా మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోతావనుకోలేదు. నీలాంటి మంచి మనిషి ఎక్కడా ఉండడు. ఎప్పుడూ నవ్వుతూ నవ్విస్తూ ఉండేవాడివి. రాత్రిపూట బండి తీయొద్దురా అని ఎన్నిసార్లు చెప్పాను, విన్నావా? మీ అమ్మానాన్నలకు ఇక దిక్కెవరురా? దేవుడికి మంచివాళ్ళ మీదే కన్ను. ఓం శాంతి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, ప్రేమ కూడా నిండా ఉంది. ఇప్పుడు దీన్ని శ్రీను తల్లి కళ్ళతో చదవండి. "ఎన్నిసార్లు చెప్పాను, విన్నావా" అన్నది స్నేహితుడి బాధలోంచి వచ్చిన నిష్ఠూరం. తల్లికి అది తన కొడుకు తప్పు చేసి చచ్చిపోయాడన్నట్టు వినిపిస్తుంది. చదివే మూడో మనిషికి మరీను. కింద కామెంట్లలో స్పీడు గురించి, హెల్మెట్ గురించి, తాగాడా లేదా అనే దాని గురించి చర్చ మొదలవుతుంది. "దిక్కెవరురా" అన్న మాట ఆ ఇంటి భవిష్యత్తు మీద ఊరందరి ముందూ చేసిన వ్యాఖ్య. అక్కడ ఒక కూతురు ఉందన్న సంగతి కూడా ఆ మాట మరచిపోయింది. "ఎప్పుడూ నవ్వుతూ నవ్విస్తూ" అన్నది తప్పు కాదు గాని, అందులో శ్రీను లేడు. ఆ వాక్యం ఎవరి ఫొటో కింద పెట్టినా అతుకుతుంది.

మరుసటి రోజు సాయంత్రం, బాబాయి సరేనన్నాక, అదే రూమ్మేటు ఇలా రాశాడనుకోండి:

"మా శ్రీను ఇక లేడు. నిన్న రాత్రి హైదరాబాద్‌లో చనిపోయాడు. నాలుగేళ్ళుగా మేం ఒకే గదిలో ఉన్నాం. ఇంటి నుంచి వాళ్ళమ్మ గోంగూర పచ్చడి పంపితే, సీసా మూత తీయగానే ముందు పక్క గదిలో కొత్తగా చేరిన కుర్రాడికి పెట్టి వచ్చేవాడు. 'వాడికి ఇక్కడింకా ఎవరూ తెలీదురా' అనేవాడు. నా మొదటి ఇంటర్వ్యూకి తన చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాడు. ఉద్యోగం వచ్చాక తిరిగిస్తే తీసుకోలేదు. నాకు తెలిసిన శ్రీను ఇతను. మీకు తెలిసిన శ్రీను గురించి కింద రాయండి, వాళ్ళ ఇంట్లో వాళ్ళకు చూపిస్తాం. అంత్యక్రియలు రేపు ఉదయం సొంతూళ్ళో. రావాలనుకునే మిత్రులు నాకు మెసేజ్ చేయండి. ఇంట్లోవాళ్ళకు ఇప్పుడు ఫోన్లు చేయొద్దని మనవి."

తల్లి దీన్ని చదివితే తను పంపిన పచ్చడి ఎక్కడికి వెళ్ళిందో తెలుస్తుంది. తనకు కనిపించని నాలుగేళ్ళ కొడుకు జీవితంలో ఒక చిన్న ముక్క ఆమె చేతికి వస్తుంది. స్నేహితులు ఇవ్వగలిగింది, బంధువులెవరూ ఇవ్వలేనిది అదొక్కటే. అందుకే నా దృష్టిలో గుణగణాల జాబితా కంటే ఒక్క సంఘటన ఎక్కువ. ఆ సంఘటన ఎంత చిన్నదైతే అంత మంచిది. "మీకు తెలిసిన శ్రీను గురించి రాయండి" అన్న వాక్యం ఇంకో పని కూడా చేస్తుంది. వందమంది వరసగా ఓం శాంతి అని రాసి వెళ్ళిపోయే చోట పదిమందైనా ఆగి ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుంటారు.

పిలుపు గురించి ఒక మాట. ఆడుకుంటూ "మామా" అని పిలిచినవాణ్ణి పోస్టులో కూడా అలాగే పిలవాలని మనసు లాగుతుంది. మిత్రుల గ్రూపులో అలా రాసుకోవచ్చు. అందరూ చదివేచోట, అత్తవారు, ఆఫీసు పెద్దలు, చిన్నప్పటి టీచరు కూడా చూసేచోట, "శ్రీను", "తను", "అతను" అన్నవి నిలుస్తాయి. అమ్మాయి గురించి రాసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. అలాగని "కీర్తిశేషులు", "పరమపదించిరి" లాంటి ఫ్లెక్సీ భాష 26 ఏళ్ళవాడికి పెడితే ఆ మనిషి దూరమైపోతాడు. మతాన్ని బట్టి వాడే మాటలు కూడా ఇంటివాళ్ళు వాడేవే వాడాలి. "ప్రభువునందు నిద్రించారు" అని చెప్పుకునే ఇంటికి "శివైక్యం" అని రాయడం జరుగుతూనే ఉంది.

పై పోస్టులో మరణానికి కారణం లేదు. కావాలనే లేదు. అది మిత్రుడు చెప్పే సంగతి కాదు, కుటుంబం చెప్పాలనుకుంటే చెప్పే సంగతి. రోడ్డు ప్రమాదమైతే పోలీసు కేసు ఉంటుంది, పంచనామా, పోస్టుమార్టం ఉంటాయి, బీమా సంగతి ఉంటుంది. ఎవరి తప్పన్నది తేలకముందే స్నేహితుడు "స్పీడుగా నడిపేవాడు" అని రాస్తే, ఆ మాటకు కుటుంబం తరవాత సమాధానం చెప్పుకోవలసి రావచ్చు. జబ్బయితే, ఆ జబ్బు పేరు చెల్లెలి పెళ్ళి సంబంధాల దాకా వెంటాడే సమాజం మనది. "ఎలా జరిగింది బ్రో?" అని కామెంట్లలో అడిగేవాళ్ళు తప్పక వస్తారు. "అది ఇంట్లోవాళ్ళకు వదిలేద్దాం" అని ఒకసారి జవాబిచ్చి, ఊహాగానాల కామెంట్లు ఎవరివైనా తొలగించాలి. పోస్టు పెట్టినవాళ్ళకు ఆ అధికారం ఉంటుంది. మొదటి రెండు రోజులు దాని మీద ఒక కన్నేసి ఉంచడం కూడా పోస్టు పెట్టడంలో భాగమే.

ఆత్మహత్య అయితే ఈ నియమానికి మినహాయింపు లేదు, ఇంకా గట్టిగా పాటించాలి. పత్రికల కోసం భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఎలా చేసుకున్నారో రాయొద్దు, చోటు వివరాలివ్వొద్దు, సంచలనంగా శీర్షికలు పెట్టొద్దు, ఫొటోలు, వీడియోలు, సోషల్ మీడియా లింకులు వాడొద్దు అన్నవి అందులో ఉన్నాయి. కారణం ఏమిటంటే, ఆ వివరాలు అదే నలుగుబాటులో ఉన్న ఇంకొకరిని అటువైపు నెట్టే ప్రమాదం ఉంది. విలేకరికి వర్తించే ఈ జాగ్రత్త మిత్రుడి పోస్టుకు ఇంకా ఎక్కువ వర్తిస్తుందని నేను నమ్ముతాను. ఎందుకంటే దాన్ని చదివేవాళ్ళంతా అదే వయసువాళ్ళు, అదే కాలేజీ, అదే ఒత్తిడి. "చివరికి ప్రశాంతత దొరికింది", "ఇక నీకు ఏ బాధా లేదు" అన్న మాటలు ఓదార్పుగా రాసినవే అయినా, బాధలో ఉన్నవాడికి అవి దారి చూపిస్తున్నట్టు వినిపిస్తాయి. ఆఖరి మెసేజ్ స్క్రీన్‌షాట్ ఎప్పుడూ పెట్టకూడదు. ఎవరి వల్ల జరిగిందో అంటూ ఒక అమ్మాయి పేరో, మేనేజరు పేరో రాయడం అంతకంటే ప్రమాదం. ఆధారాలుంటే పోలీసులకు ఇవ్వాలి. చదివేవాళ్ళలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే ఫోన్ చేయడానికి ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. కారణం చెప్పకుండానే ఆ నంబరు పోస్టు చివర పెట్టొచ్చు.

చనిపోయినవాళ్ళ గోప్యతను చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికి లేదు. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ జీవితం మీద తీసిన సినిమాను ఆపమని ఆయన తండ్రి వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2023లో, గోప్యత హక్కు ఆ మనిషితోనే ముగుస్తుంది, వారసులకు రాదు అన్నది. అంటే శ్రీను రహస్యాలను ఇక కాపాడగలిగేది అవి తెలిసినవాళ్ళ నోళ్ళే. ఇంట్లో చెప్పని ప్రేమ, మానేసిన ఉద్యోగం, తీసుకున్న అప్పు, వేసుకుంటున్న మందులు, ఇవన్నీ ఎక్కువగా తెలిసేది స్నేహితులకే. "నీ కల తీరకుండానే వెళ్ళిపోయావు, తనకి ఏం చెప్పమంటావురా" అని రాస్తే, ఆ "తను" ఎవరో ఊరంతా వెతుకుతుంది. ఆ అమ్మాయి బతికే ఉంది, ఆమెకు గోప్యత హక్కు ఉంది.

ఫొటోల్లో చూడాల్సింది పెద్దగా లేదు. ఆసుపత్రి మంచం మీదవీ, భౌతికకాయంవీ, చితి దగ్గరవీ వద్దు, అంత్యక్రియలు లైవ్ పెట్టడం కుటుంబం కోరితే తప్ప వద్దు. నలుగురూ ఉన్న ఫొటో పెడితే మిగతా ముగ్గుర్నీ అడగాలి. టూర్లో చేతిలో గ్లాసుతో తీసుకున్న ఫొటో మీకు మధురమైనదే, వాళ్ళ నాన్నకు కాకపోవచ్చు. మెళ్ళో ఆఫీసు ఐడీ కార్డు, బండి నంబరు ప్లేటు, ఇంటి నంబరు కనిపిస్తుంటే కత్తిరించాలి. తండ్రి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఇంటిల్లిపాదీ ఎన్నింటికి శ్మశానానికి బయల్దేరతారో ఒకే పోస్టులో అందరికీ కనిపించేలా రాయకూడదు. పై ఉదాహరణలో "నాకు మెసేజ్ చేయండి" అన్నది అందుకే.

పెట్టేముందు అది ఎవరికి కనబడాలో ఎంచుకునే చోట "పబ్లిక్" బదులు "ఫ్రెండ్స్" పెడితే చాలావరకు సరిపోతుంది. అయితే ఒకరిని ట్యాగ్ చేస్తే వాళ్ళ స్నేహితులకూ అది చేరే అవకాశం ఉంటుంది. పాతికమందిని ట్యాగ్ చేస్తే "ఫ్రెండ్స్" అన్నమాటకు అర్థం ఉండదు. చెల్లెల్ని, అమ్మను ట్యాగ్ చేయొద్దు. ప్రతి కామెంటుకూ వాళ్ళ ఫోన్ మోగుతుంది.

శ్రీను ఖాతా సంగతి కూడా తెలిసి ఉండాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో చనిపోయినవారి ఖాతాను స్మారక ఖాతాగా మార్చమని మరణ ధ్రువీకరణ లాంటి ఆధారంతో స్నేహితులు కూడా అడగొచ్చు. మారిస్తే పేరు పక్కన "రిమెంబరింగ్" అని వస్తుంది, పుట్టినరోజు గుర్తుచేసే నోటిఫికేషన్లు ఆగిపోతాయి. మంచిదే. కానీ ఒకసారి మారాక పాస్‌వర్డ్ తెలిసినా సరే ఆ ఖాతాలోకి ఎవరూ వెళ్ళలేరు. శ్రీను ఫోన్లో ఖాతా తెరిచే ఉండి, చెల్లెలు అందులోని ఫొటోలు, మెసేజ్‌లు చూసుకుంటూ ఉండవచ్చు. మిత్రులు మేలు చేద్దామని తొందరపడి అభ్యర్థన పంపితే ఆ తలుపు ఆమెకు మూసుకుపోతుంది. శ్రీను బతికుండగా ఫేస్‌బుక్ సెట్టింగుల్లో లెగసీ కాంటాక్టుగా ఎవరినైనా పెట్టి ఉంటే వాళ్ళు ప్రొఫైల్ ఫొటో మార్చగలరు, పైన ఒక పోస్టు నిలిపి ఉంచగలరు, మెసేజ్‌లు మాత్రం చదవలేరు. ఖాతాను పూర్తిగా తీసేయించమని దగ్గరి కుటుంబసభ్యులు అడగొచ్చు. ఏది కావాలో తేల్చుకోవాల్సింది వాళ్ళు, తొందరలేకుండా.

కొన్నాళ్ళకు ఆ ఇంటి నుంచి ఎవరైనా, "అన్నా, ఆ పోస్టు తీసేయ్, అమ్మ పదేపదే అదే చూస్తోంది" అనవచ్చు. ఎన్ని లైకులొచ్చినా, ఎంతమంది ఏడ్చినా, కారణం అడగకుండా తీసేయండి. ఫేస్‌బుక్‌లో తొలగించిన పోస్టు 30 రోజులు ట్రాష్‌లో ఉండి తరవాత పూర్తిగా పోతుంది, దాంతో పాటు మిత్రులు రాసిన కామెంట్లూ పోతాయి. కాబట్టి తీసే ముందు వాటన్నిటినీ ప్రింటు తీయించి, ఒక కవర్లో పెట్టి చెల్లెలికి ఇవ్వండి. వాళ్ళమ్మకు ఎప్పుడు చూపించాలో ఆ పిల్లకు తెలుస్తుంది.